కారం మీడియమే, కన్నీళ్లే హాట్!

అమెరికాలో తెలుగు హోటలుకెళితే మెనూ పక్కనే నిఘంటువూ ఇవ్వాలేమో! 'వెల్లుల్లి కారం కోడి' అని కనిపిస్తే చాలు, అనువాదకుడు ఎదురుగా 'హాట్' అని పడేస్తాడు. ఇక్కడ కారమంటే దంచిన పొడి మహాప్రభో! మనకు రుచీ కారమే, పొడీ కారమే. ఆ లెక్కన కారప్పూసకూ కన్నీళ్లు రావాలి.

మైల్డ్‌ను తెలుగులో 'చప్పిడి' అనే ఘనులూ ఉంటారు. అది జ్వరం పడ్డవాడి పథ్యం. డబ్బిచ్చి ఎవరు తింటారు? 'ఘాటు' హాట్‌కు సరిపోతుందా అంటే, అది ఆవపిండిలా ముక్కుకెక్కే సంగతి. నాలుక సంగతి వేరు. మైల్డ్‌కు కమ్మన, మీడియంకు కారం, హాట్‌కు మంట అని పులుసు నుంచి వేపుడు దాకా ఒకే మాట వాడితే గొడవ ఉండదు.

ఉంటుంది, వంటింట్లో! కిలో కోడికూరకు మీడియమంటే రెండు చెంచాల కారమని గోడకు రాసిపెట్టారనుకుందాం. మొన్నటిదాకా వాడింది బ్యాడగి మిరప. రంగు ఎక్కువ, మంట తక్కువ. అది అయిపోయి గుంటూరు సన్నం వచ్చింది. చెంచాలు అవే రెండు, మెనూలో మాటా అదే. తిన్నవాడికి మాత్రం చెవుల్లో పొగలు. గటగటా నీళ్లు తాగినా, మిరపలోని క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, మజ్జిగ కావాలి.

"మీడియమే కదా చెప్పాను?" అంటే సర్వర్ నవ్వుతాడు: "మీడియమే సార్, మా వంటాయనకి."