సదస్సులో వేళ మార్పు కోరే లేఖ: స్వరూప స్వభావాలు

పత్రసమర్పణ వేళ మార్చమని సదస్సు కన్వీనరుకు రాసే లేఖ నిడివిలో చిన్నది, రాయడంలో మొండిది. ఇందులో అసలు కారణం ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం రాయకూడదు. పైకి కనిపించే కారణం రైలు. రైలు దాదాపు వేళకే కదులుతుంది. కదలనిది సదస్సు.

చిక్కంతా రెండు కాగితాలు వేర్వేరు రోజుల్లో చేతికి రావడం వల్ల పుడుతుంది. రైల్వేవారు 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. అయినా రెండు నెలల ముందే బెర్తులు నిండిపోయే దారుల్లో బ్రోచరు అందిన రోజే టికెట్ కొనుక్కోక తప్పదు. బ్రోచరులో తేదీలు ఉంటాయి, బ్యాంకు ఖాతా నంబరు ఉంటుంది, సలహా సంఘం కింద ఒక పేజీ నిండా పేర్లుంటాయి. ఎవరి పత్రం ఎప్పుడో మాత్రం ఉండదు. ఆ జాబితా సదస్సు ముందురోజు రాత్రి పదకొండు దాటాక వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌గా దిగుతుంది. అప్పుడు టికెట్ మార్చుకుందామంటే మిగిలింది తత్కాల్. రైలు బయలుదేరే ముందురోజు ఏసీ తరగతులకు పదింటికి, స్లీపరుకు పదకొండింటికి తెరుస్తారు. రెండు రోజుల సదస్సులో అది సరిగ్గా మొదటిరోజు ప్రారంభ సభ వేళ. ఖరారైన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే పైసా తిరిగి రాదు. అంచేత రైలును కదపడం కంటే కన్వీనరును కదపడం చవక.

ప్రారంభ సభ ప్రస్తావన వచ్చింది కాబట్టి జ్యోతి ప్రజ్వలన గురించి కొంత తెలుసుకోవాలి. లేఖకూ దీనికీ సంబంధం లేదనిపిస్తుంది గానీ ఆలస్యానికి పుట్టిల్లు ఇదే. ముఖ్య అతిథి రాక సంగతి వదిలేద్దాం, అది మానవ ప్రయత్నానికి అందేది కాదు. ఆయన వచ్చి కుందె దగ్గర నిలబడ్డాక మొదట తేలే విషయం, అగ్గిపెట్టె లేదని. ప్రిన్సిపాల్ గారు వైస్ ప్రిన్సిపాల్ గారి వైపు, ఆయన కన్వీనరు వైపు, కన్వీనరు అటెండరు వైపు చూస్తారు. విశ్వవిద్యాలయాల ఆచార్యులు అరడజను మంది ఉన్న వేదిక మీద ఒక్కరి జేబులోనూ అగ్గిపెట్టె ఉండదు, ఉన్నా బయటపెట్టరు. చివరికి అది క్యాంటీన్ నుంచి వస్తుంది. పుల్ల గీశాక ఆరిపోతుంది, పైన ఫ్యాన్ తిరుగుతోంది కనుక. ఫ్యాన్ ఆపాలంటే స్విచ్చు ఏదో తెలియాలి. ఒకటి నొక్కితే మైకు పోతుంది, ఇంకొకటి నొక్కితే తెర మీద బొమ్మ పోతుంది. ఫ్యాన్ ఆగేసరికి ఒత్తులు నూనెలో పూర్తిగా మునిగి ఉన్నాయని తెలుస్తుంది. కర్పూరం తెస్తారు. కొవ్వొత్తి ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతుంది. అయిదు ఒత్తులకు తొమ్మిది మంది అతిథులు కనుక వెలిగినదాన్నే మళ్ళీ వెలిగిస్తారు. అంతా అయ్యాక ఫొటోగ్రాఫరు, “సార్, ఇంకొక్కసారి అందరూ చెయ్యి పెట్టండి” అంటాడు. దీపం వెలిగింది కదా అని ఎవరూ అనరు. రేపటి పేపర్లో పడాల్సింది ఈ రెండోసారి వెలిగించిన దీపమే.

ఇక్కడ పోయిన అరగంట మీద శాలువాలు, జ్ఞాపికలు, కీలకోపన్యాసం పేరుకుంటాయి. భోజనం రెండున్నరకు జరుగుతుంది. మొదటిరోజు మిగిలిపోయిన పత్రాలు రెండోరోజు పొద్దుటి మీద, పొద్దుటివి మధ్యాహ్నం మీద పడతాయి.

ఉదాహరణకు, విశాఖపట్నంలో రెండు రోజుల సదస్సుకు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక తెలుగు అధ్యాపకురాలిని ఊహించుకోవచ్చు. తిరుగు ప్రయాణం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో. అది 1974 నుంచి నడుస్తున్న బండి, సాయంత్రం అయిదు దాటాక విశాఖలో బయలుదేరుతుంది. ట్రాఫిక్ లెక్క వేసుకుంటే ఆమె నాలుగింటికల్లా ఆటో ఎక్కాలి. జాబితాలో ఆమెది రెండోరోజు నాలుగో సమావేశం, తొమ్మిదో పత్రం. సమావేశం రెండింటికి మొదలు, పత్రానికి పది నిమిషాలు. కాగితం మీద ఆమె వంతు 3:20కి వచ్చి 3:30కి అయిపోతుంది. కన్వీనరుకు ఫోన్ చేస్తే, “మీకు బోలెడు టైముంది మేడమ్” అంటారు. నిజమే, కాగితం మీద ఉంది. ఆ సమావేశం భోజనాలయ్యి 2:25కి మొదలవుతుంది. అధ్యక్షుల తొలిపలుకులు జాబితాలో ఉండవు, సభలో పావుగంట ఉంటాయి. పది నిమిషాల పత్రం పదిహేను నిమిషాలు చదువుతారు. ఎనిమిది పత్రాలకు రెండు గంటలు. ఆమె పేరు పిలిచేసరికి 4:40.

ఈ లెక్కను లేఖలో పెట్టడమంటే మీ సదస్సు గంటా ఇరవై నిమిషాలు ఆలస్యంగా నడుస్తుందని కన్వీనరుకే రాసివ్వడం. నిద్రలేక, క్యాటరింగువాడితోనూ ముఖ్య అతిథి కారు డ్రైవరుతోనూ ఒకేసారి ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషికి అది రాయకూడదు. కొందరు రైలు వేళనే రెండు గంటలు ముందుకు జరిపి రాస్తారు. గోదావరి ఎప్పుడు కదులుతుందో విశాఖలో తెలియనివారుండరు కనుక అబద్ధం అప్పుడే దొరికిపోతుంది. నిజం చెబుతూనే లెక్క దాచే మార్గం, రైలు వేళ బదులు బయలుదేరాల్సిన వేళ రాయడం:

“గౌరవనీయులైన కన్వీనర్ గారికి నమస్కారం. రేపు నాలుగో సమావేశంలో తొమ్మిదో పత్రం నాది. సాయంత్రం గోదావరికి తిరుగు ప్రయాణం ఉన్నందున నాలుగింటికల్లా ప్రాంగణం నుంచి బయలుదేరాలి. ఉదయం మూడో సమావేశంలో రెండో పత్రంగా గానీ, వీలుకాకపోతే నాలుగో సమావేశంలో మొదటి పత్రంగా గానీ అవకాశం ఇప్పించగలరు. టికెట్ ప్రతి జతచేశాను.”

ఇంతకు మించితే నష్టం. “కాస్త ముందుగా” అని అడిగితే తొమ్మిది ఎనిమిదవుతుంది. ఉదయం మొదటి స్థానం అడగకపోవడానికి కారణం, అప్పటికి సభ ఇంకా ఇడ్లీల దగ్గర ఉంటుంది.

జవాబుగా బొటనవేలు బొమ్మ వస్తుంది. అది అంగీకారమే, మార్పు కాదు. సమావేశ అధ్యక్షుల చేతిలో ఉండేది నిన్న రాత్రి అచ్చు తీసిన పాత జాబితా. ఆయన దాన్నే చదువుతారు. కాబట్టి లేఖ నకలు సమావేశ అధ్యక్షులకూ నివేదకులకూ పంపి, పొద్దున్నే ఆ జాబితా మీద పెన్నుతో అంకె దిద్దించుకున్నప్పుడే పని అయినట్టు.

ఒక పత్రం పైకి వస్తే ఇంకొకటి కిందికి దిగాలి. దిగేది సాధారణంగా ఆ ఊళ్ళోనే ఉండే పరిశోధక విద్యార్థిది. అతనికి రైలు లేదు, అడగడానికి కారణం లేదు, కారణమున్నా అడగవచ్చని తెలియదు. మూడేళ్ళ పని పట్టుకుని 4:40కి లేచి నిలబడితే, “సారాంశం చెప్పండి బాబూ, రెండు నిమిషాల్లో” అంటారు. వినాల్సిన వారిలో సగం మంది స్టేషన్ దారిలో ఉంటారు. ఆ అంశం మీదే పదేళ్ళు పనిచేసిన హైదరాబాద్ అధ్యాపకురాలు కూడా వాళ్ళలోనే ఉంటుంది. అతను అడగదలచుకున్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది బహుశా ఆమె ఒక్కతే. జాతీయ సదస్సుకు ఊరూరి నుంచి మనుషుల్ని పిలిపించేది ఇందుకేనని బ్రోచరు మొదటి పేరాలో రాసి ఉంటుంది.

వేళ మారాక మిగిలే పని ధ్రువపత్రం. దాన్ని ముగింపు సభలో, చప్పట్ల మధ్య మాత్రమే ఇస్తారు. అది లేనిదే సొంత కాలేజీలో ఓడీ మంజూరు కాదు. దానికోసం అదే లేఖ కింద ఇంకో వాక్యం చేర్చి, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర మధ్యాహ్నం భోజనానికి ముందే సంతకం పెట్టి తీసుకోవాలి. భోజనం తర్వాత ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు.