ఆరడుగుల సంపు, మూడు ట్యాంకర్లు

మా ఇంట్లో లెక్కలు నావి, నష్టం ఇంటిల్లిపాదిది. తిరుపతిలో ఎండాకాలం వచ్చిందంటే కొళాయి కన్నా ట్యాంకరునే నమ్ముకోవాల. కల్యాణి డ్యాంలో నీళ్లు అడుగంటినాయని ఎవరో అంటే చాలు, నేను కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుంటాను.

మా సంపు సిమెంటు వరలతో కట్టింది. "ఆరడుగుల వరలు సార్, లోపలి కొలతే. ఒక్కోటి అడుగు ఎత్తు, మొత్తం అయిదు" అని మేస్త్రీ అప్పుడే చెప్పినాడు. స్తంభాకారం గదా, పై ఆర్ స్క్వేర్ హెచ్ నాకు నోటికొచ్చు. 3.14ని ఆరుతో, మళ్లీ ఆరుతో, ఆపైన అయిదుతో గుణిస్తే 565 వచ్చింది. దాని పక్కన దర్జాగా 'చ.అ.' అని రాసినాను. ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున 16,000 లీటర్లు! అయిదువేల లీటర్ల ట్యాంకర్లు మూడు చెప్పినాను.

మొదటి ట్యాంకరు నాలుగువేలు పోసేసరికి సంపు నిండిపోయింది. మిగిలిన నీళ్లు గేటు దాటి, ఎదురింటివాళ్ల ముగ్గును చెరిపేసి, కాలవలో కలిసినాయి. వెనకనే ఇంకో రెండు బండ్లు వచ్చి నిలబడినాయి. "ఇవి యాడ పోయాల సార్?" అని డ్రైవరు చాలా మర్యాదగా అడిగినాడు. వీధివాళ్లు బిందెలతో పరుగెత్తుకొచ్చినారు. ఆ పూట నేను దానకర్ణుణ్ణి.

తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కాగితం లాక్కుని చూసింది. "నాయనా, చదరపు అడుగులంటే నేల. నేలలో నీళ్లు ఎట్ల పోస్తావు?" అనింది. నాకు పౌరుషం వచ్చింది. ఈసారి అంగుళాల్లో చేస్తానన్నాను. అడ్డం 72, లోతు 60. వ్యాసార్ధం 36 అని ఈసారి సరిగ్గానే తీసుకున్నాను. 2,44,000 పైచిలుకు ఘనపుటంగుళాలు. అడుగుల్లోకి మార్చను 144తో భాగిస్తే దాదాపు 1,700 ఘనపుటడుగులు, అంటే 48,000 లీటర్లు! మొదటిసారి కన్నా మూడింతలు. పాప నెత్తి కొట్టుకుంది. 144 వైశాల్యానికి సరిపోతుంది. ఘనానికి పన్నెండును మూడుసార్లు గుణించాల, 1,728. దాంతో భాగిస్తే 141, అంటే నాలుగువేల లీటర్లు. కాలవ ముందే చెప్పిన జవాబు.

నా మొదటి తప్పు మాత్రం యూనిట్లు చూసినా దొరకదు. వ్యాసార్ధం వర్గంలో రెండు పొడవులు, ఎత్తు ఒకటి, మొత్తం మూడు. కాబట్టి జవాబు ఘనపుటడుగుల్లో రావాల, బాగుంది. కానీ మూడుకు బదులు ఆరు వేసినా అవి అడుగులే గదా! యూనిటు నిక్షేపంగా ఉంటుంది, అంకె మాత్రం నాలుగింతలవుతుంది. వర్గం ఉండేది అక్కడే కాబట్టి రెండింతలు కాదు, నాలుగింతలు. దీన్ని పట్టను పాప వేరే దారి చూపించింది. "ఆరడుగుల గుంతను చదరంగా తవ్వినా ఆరు ఆర్లు ముప్పై ఆరు, అయిదు ముప్పై ఆర్లు నూటెనభై. దాంట్లో ఇమిడే గుండ్రటి సంపులో 565 ఎట్ల పడుతుంది నాయనా?" నిజమే. స్తంభం ఎప్పుడూ తన పెట్టెలో ముప్పాతిక కన్నా కొంచెం ఎక్కువే ఆక్రమిస్తుంది, 180కి 141. ఇసక కుప్పలాంటి శంకువైతే అందులో మూడో వంతు, అంటే పెట్టెలో పావు వంతుకు కాస్త పైన. అంతకు మించితే వ్యాసమో, మరిచిపోయిన మూడో వంతో దొంగతనంగా దూరినట్టు.

పరువు కాపాడుకోవాల గదా. "499లో ఆర్యభటుడంతటివాడే మొనదేలిన ఘనానికి అడుగు వైశాల్యాన్ని ఎత్తుతో గుణించి సగం చేయమన్నాడు. మూడో వంతని 628లో బ్రహ్మగుప్తుడు చెప్పేదాకా..." అని మొదలుపెట్టినాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఆయన ట్యాంకర్లు తెప్పించలేదులే" అనింది.

ఇప్పుడు సంపులో దించే కర్ర మీద అడుగుకొక గీత గీసినాను. గీతకు 800 లీటర్లు. మీరూ గీసుకునే ముందు మేస్త్రీని ఒక్క మాట అడగండి, ఆరడుగులు లోపలి కొలతా, బయటిదా అని. వర మందం మూడంగుళాలుండి, కొలిచింది బయట అయితే లోపల అయిదున్నర అడుగులే. అప్పుడు సంపు పట్టేది 3,360 లీటర్లు.