మోకాలికి మీటరు

పుత్తూరు కట్టు కోసం ఎక్కడెక్కణ్ణుంచో జనం బస్సులెక్కి వచ్చే సీమ మనది. ఎముకకీ దూరానికీ ఉన్న సంబంధం ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. అప్పట్లో విరిగిన చెయ్యి వైద్యుడి దగ్గరికి వెళ్లేది. ఇప్పుడు తిరుపతిలో మోకాలి చిప్ప మార్పించుకున్న కాలు ఇంట్లోనే మంచం మీద ఉంటుంది, ఫిజియోనే బండి మీద వస్తాడు. మంచి మార్పే. తంటా అంతా ఆయన చేతిలోని రేట్ల కాగితంతోనే. అందులో మూడు లెక్కలుంటాయి: ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని నిమిషాలు, ఎన్ని సిట్టింగులు. మోకాలు ఎంత వంగుతోందన్న లెక్క మాత్రం ఉండదు. ఆ కాగితం చదివితే ఆపరేషన్ జరిగింది కాలికా, బండికా అని సందేహం వస్తుంది.

ముందు బండి సంగతే చూద్దాం. ఊళ్లో అయిదు కిలోమీటర్ల దాకా ఒక రేటు, అది దాటితే కిలోమీటరుకి ఇంత. చంద్రగిరిలో ఒక పేషెంటు ఉన్నారనుకుందాం. లీలామహల్ సెంటర్ నుంచి వెళ్లే ఫిజియో, సిట్టింగుకి ఆరు వందలు, దూరానికి రెండు వందలు అడుగుతాడు. పెట్రోలుంది, టైర్లున్నాయి, వాటికి మించి దారిలో పోయే గంట ఉంది. ఆ గంటలో ఊళ్లో ఇంకో పేషెంటుని చూసుకోగలడు. కాబట్టి రెండు వందలు న్యాయమే. అయితే అదే వీధిలో అదే సాయంత్రం ఇంకో ఇంట్లోనూ సిట్టింగు ఉంటే? ఆ ఇంటి వాళ్లూ రెండు వందలు ఇస్తారు. బండి ఒక్కసారి తిరిగింది, దూరం రెండుసార్లు అమ్ముడుపోయింది. తిరుపతి షేర్ ఆటో డ్రైవర్ ఏ ఎంబీఏ కాలేజీకీ పోలేదు, అయినా ఎక్కిన ప్రతి మనిషి దగ్గరా ఆటో మొత్తం కిరాయి వసూలు చెయ్యకూడదని ఆయనకి తెలుసు. పైగా కిలోమీటరు అనేది ఈ ఊళ్లో నిజమైన కొలతే కాదు. పంచమీ తీర్థం రోజున తిరుచానూరు వెళ్లాలంటే దగ్గరున్న ఊరే దూరమైపోతుంది, మామూలు రోజున చంద్రగిరి రోడ్డు సాఫీగా ఉంటుంది. ఖర్చయ్యేది దారిలో పోయే సమయమైతే, ఒకే వైపు ఇళ్లన్నీ ఒక పూటకి కలిపి, ఆ దారి ఖర్చుని ఇళ్లకి పంచాలి. అప్పుడు దూరపు పల్లెలో ఉన్న ముసలమ్మకి కూడా ఫిజియో అందుబాటులోకి వస్తాడు.

నిమిషాల లెక్క దీనికన్నా తమాషాగా ఉంటుంది. నలభై అయిదు నిమిషాల సిట్టింగు అంటే నలభై అయిదు నిమిషాలూ వైద్యమే అని ఇంటివాళ్ల నమ్మకం. అందులో ఇరవై నిమిషాలు కరెంటు పెడతారు. మన వాళ్లు కరెంటు అనేది ఐఎఫ్‌టీ మెషీన్ని. ప్యాడ్లు అంటించి బటన్ నొక్కితే దాని పని అది చేసుకుంటుంది, ఫిజియో ఫోన్ చూసుకుంటాడు. నొప్పి కాస్త తగ్గొచ్చు, కాదనను. కానీ మోకాలిని వంచేది మెషీన్ కాదు. మడమని పక్క మీద జరుపుతూ దగ్గరికి లాక్కోవడం, తొడ కండరం బిగించడం, కాలు నిటారుగా లేపడం, ఇవన్నీ పేషెంటు పళ్లు బిగబట్టి చెయ్యాల్సినవి. వాటిని సరిగ్గా నేర్పడానికి పావుగంట చాలొచ్చు. గడియారానికి డబ్బు కడితే గడియారాన్ని నింపడమే పని అవుతుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటి చూడండి. ఫిజియో వచ్చి చూడగానే పిక్క ఉబ్బి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి అంటే, అక్కడ రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించాలి. ఆ రోజు వ్యాయామం ఆపేసి, వెంటనే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పంపాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకి చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఈ పనికి పట్టేది అయిదు నిమిషాలు. మొత్తం వైద్యంలో అంతకు మించి విలువైన అయిదు నిమిషాలు ఉండవు. రేట్ల కాగితం ప్రకారం మాత్రం అది సిట్టింగు కిందికే రాదు!

ఇక ప్యాకేజీ. మేస్త్రీలతో పని చేయించుకున్న వాళ్లకి రెండు పద్ధతులు తెలుసు. కూలికి పెట్టుకుంటే రోజుకి ఇంత. గుత్తకిస్తే గోడకి ఇంత, గోడ లేచేదాకా బాధ్యత వాడిదే. ఫిజియో ప్యాకేజీ చూడ్డానికి గుత్తలా ఉంటుంది, డబ్బు కూడా గుత్తలాగే ముందు తీసుకుంటారు. లోపల ఉన్నది కూలి లెక్క. పదిహేను సిట్టింగులు అయిపోతే ప్యాకేజీ అయిపోయినట్టే, గోడ ఎక్కడ ఉన్నా సరే.

చంద్రగిరి కాలికే లెక్క వేద్దాం. పదిహేను సిట్టింగులు, ఒక్కొక్కటి ఎనిమిది వందలు, పన్నెండు వేలు. పది శాతం తగ్గించి పదివేల ఎనిమిది వందలు. పన్నెండు వందలు మిగిలాయని ఇల్లంతా సంతోషం. రోజూ వచ్చి పదిహేను రోజుల్లో ముగిస్తారు. అయితే మోకాలి తీరు వేరు. రెండు వారాలకి తొంభై డిగ్రీల దాకా వంగాలి, ఆరు వారాలకి నూట పది దగ్గరికి రావాలి అనేది సాధారణంగా చూసుకునే గురి. ఆరు వారాలు దాటినా తొంభై కూడా రాకపోతే, మత్తిచ్చి కాలిని బలవంతంగా వంచాలా అని సర్జన్ ఆలోచనలో పడతాడు. అంటే అసలు కాపలా కాయాల్సిన నాలుగు వారాల్లో ప్యాకేజీ ఇంట్లో లేదు. సమస్యలేమీ లేని కాలైతే మొదటి రెండు వారాల్లో అయిదుసార్లు, తర్వాత వారానికి ఒక్కసారి చొప్పున నాలుగుసార్లు, మొత్తం తొమ్మిది సరిపోవచ్చు. మధ్య రోజుల్లో పేషెంటే చేసుకుంటారు. తగ్గింపు ఏమీ లేకుండా తొమ్మిదికి ఏడువేల రెండు వందలు. పన్నెండు వందల తగ్గింపు కోసం మూడువేల ఆరు వందలు ఎక్కువ కట్టి, కాలికి అవసరమైన వారాల్లో ఖాళీగా కూర్చోవడమన్నమాట.

ఫిజియోల వైపు నుంచి ఒక మాట గట్టిగా వినిపిస్తుంది: ముందు డబ్బు కట్టకపోతే నొప్పికి భయపడి మూడో రోజే మానేస్తారు అని. నిజమే, మానేస్తారు. దానికి పగ్గం కావాలంటే అయిదు సిట్టింగులకి కట్టించుకోండి, అయిదో రోజు కోణం కొలిచి తర్వాతి లెక్క చెప్పండి, మధ్యలోనే అక్కర్లేదంటే మిగిలిన వాటి డబ్బు తిరిగివ్వండి. ఇంకో మాట, శరీరం గోడ కాదు, ఇన్ని డిగ్రీలు వస్తాయని రాసివ్వలేం అని. అదీ నిజమే. షుగరున్న కాలు, ఆపరేషన్‌కి ముందే బిగుసుకుపోయిన కాలు, ఒక్కోటీ ఒక్కో దారిలో పోతుంది. ఫలితానికి హామీ ఎవరూ అడగడం లేదు. అడుగుతున్నది కొలవమని. గోనియోమీటర్ అంటే రెండు చేతులున్న ప్లాస్టిక్ కోణమానిని, ఫిజియో సంచిలో ఎలాగూ ఉంటుంది. తొడ వెంట ఒక చెయ్యి, పిక్క వెంట ఒక చెయ్యి పెట్టి చదవడానికి ఒక నిమిషం. వంగింది ఎంత అని మాత్రమే కాదు, చాపినప్పుడు సున్నాకి వచ్చిందా అని కూడా చూడాలి. పూర్తిగా చాచలేని కాలు నడకలో కుంటుతూనే ఉంటుంది.

పద్ధతి తెలిసిన ఫిజియోకి ఈ రేట్ల కాగితం చేసే అన్యాయం వేరే ఉంది. పేషెంటుకి బాగా నేర్పి తొమ్మిది సిట్టింగుల్లో తన అవసరం లేకుండా చేసినవాడికి ఏడు వేలు, కరెంటు పెట్టి పదిహేను రోజులు లాగినవాడికి దాదాపు పదకొండు వేలు. మొదటి రోజు గంటసేపు పరీక్ష చేసి వ్యాయామాల పట్టిక రాసిచ్చినందుకు విడిగా, గౌరవంగా ఫీజు తీసుకుంటే ఎవరు కాదంటారు? చదువుకి రేటు కట్టుకోవడానికి మొహమాటపడి, పెట్రోలు చాటున వసూలు చేసుకుంటున్నారు.

అందుకే ప్యాకేజీకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇంటివాళ్లు అడగాల్సింది ఎంత తగ్గిస్తారని కాదు, ఈ రోజు ఎన్ని డిగ్రీలు అని. అడిగి, గోడకున్న దేవస్థానం క్యాలెండర్లో, పాల లెక్క రాసుకునే గడిలోనే, ఆ అంకె కూడా రాసుకోవాలి. రెండో వారం పాలు లీటరున్నరకి పెరిగి, మోకాలు అరవై అయిదు దగ్గరే ఆగిపోయి ఉంటే, ఫిజియో రాకముందే ఆ విషయం ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది.