తాళంచెవులతో సహా రాజీనామా

వార్డులో నర్సు టీకి వెళ్లాలన్నా పక్క బెడ్ సిస్టర్‌కి చెప్పి వెళ్లాలి. అలాంటిది ఏకంగా ఆసుపత్రే వదిలి వెళ్తుంటే ఎంత చెప్పాలి? నాకు ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటొచ్చింది. బీఎస్సీ అయ్యాక కనీసం ఏడాది పనిచేసిన అనుభవం ఉంటే తప్ప ఆ కోర్సుకు అర్హత లేదు. అంటే ఆసుపత్రి ఇచ్చే అనుభవ పత్రం పట్టుకునే ఆసుపత్రి గడప దాటాలి. కాబట్టి రాజీనామా మెయిల్ మర్యాదగానే ఉండాలి.

మొదటి చిత్తుప్రతిలో కృతజ్ఞత పొంగిపొర్లింది. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని, "ప్రేమ సంగతి తర్వాత. నార్కోటిక్ తాళం ఎవరికిస్తున్నావో అది రాయమ్మా ముందు" అన్నారు.

సరే, థాంక్స్ ఒక్క పేరాకి కుదిద్దామని కూర్చున్నాను. ఎవరి పేరు ముందు రాయాలి? పెళ్లి శుభలేఖలో పేర్ల దగ్గర కూడా ఇంత పేచీ రాదు. చివరికి డ్యూటీ చార్ట్ వరసలో రాశాను, దాంతో ఎవరికీ నోరెత్తే వీల్లేకపోయింది. మార్నింగ్‌లో సీనియర్ అక్కకు: వెంటిలేటర్ అలారం మోగితే ముందు రోగిని చూడాలని, ఆ తర్వాత గొట్టంలో నీళ్లు చేరాయేమో చూడాలని నేర్పినందుకు. ఈవినింగ్‌లో ఫార్మసీ తమ్ముడికి: "స్టాక్ లేదు సిస్టర్" అన్న అరగంటకి ఎక్కణ్నుంచో తెచ్చిపెట్టినందుకు. నైట్‌లో ఆయమ్మకు: సూపర్‌వైజర్ రౌండ్‌కి వస్తున్నారని చెప్పులు చప్పుడు చేస్తూ నడిచి హెచ్చరించినందుకు. ఈ చివరిది మేడమ్ కొట్టేయించారు.

ఇక హ్యాండోవర్. నార్కోటిక్ బీరువాకి రెండు తాళాలు, వాటి చెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి. షిఫ్ట్ మారినప్పుడల్లా వెళ్లే సిస్టర్, వచ్చే సిస్టర్ కలిసి ఆంప్యూళ్లు లెక్కపెట్టాలి. జరిగేది మాత్రం వేరు. "నువ్వు లెక్కపెట్టావుగా అక్కా, నేను సంతకం పెట్టేస్తా" అంటూ వచ్చే చెల్లెళ్లు బోలెడుమంది. అందుకే ఉదాహరణతో సహా రాశాను. రెండు ఎం.ఎల్. ఫెంటానిల్ ఆంప్యూల్‌లో వంద మైక్రోగ్రాములుంటుంది. డాక్టర్ యాభై రాస్తే ఒక ఎం.ఎల్. మిగులుతుంది. దాన్ని సాక్షి ఎదుట పారబోయాలి, ఇచ్చినదెంత, పారబోసినదెంత అని రిజిస్టర్లో విడివిడిగా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి, ఖాళీ ఆంప్యూల్ ఫార్మసీకి తిరిగి పంపాలి. సాక్షి అంటే పారబోస్తుండగా చూసినవాళ్లు. మర్నాడు భోజనాల దగ్గర సంతకం పెట్టినవాళ్లు కాదు.

రెండోది క్రాష్ కార్ట్. దీనికి ప్లాస్టిక్ సీల్ ఉంటుంది, సీల్ మీద నంబరుంటుంది. ఆ నంబరూ పుస్తకంలో నంబరూ ఒకటైతే బండి జోలికి ఎవరూ పోలేదన్నమాట. తేడా వస్తే అన్ని అరలూ మళ్లీ చూసి కొత్త సీల్ వేయాలి. గుండె ఆగిన కేసు ఏదీ లేకుండానే సీల్ తెగిందంటే నా అనుమానం బ్యాటరీల మీద. ఎవరి టార్చ్‌లోనో సెల్స్ అయిపోయుంటాయి, లారింజోస్కోప్ వాళ్లకి కిరాణా కొట్టులా కనిపించి ఉంటుంది. బ్లేడు తగిలించి లైట్ చూడండి. తెల్లగా, నిలకడగా వెలిగితే మంచిదే. పసుపుపచ్చగా నీరసంగా ఉంటే బ్యాటరీ పని అయిపోయింది. మినుకుమినుకుమంటే బల్బో, బ్లేడు బిగింపో వదులైంది. రోగి ఊపిరి కోసం పెనుగులాడేటప్పుడు ఈ మూడింట్లో ఏదా అని ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు.

నా స్థానంలోకి వచ్చే చెల్లికి ఇవి చదివి వినిపిస్తే సరిపోదు. మొదటి వారం నేను చేస్తుంటే తను చూడాలి. రెండో వారం తను చేస్తుంటే నేను చూస్తాను. మూడో వారం నా తాళంచెవి తన జేబులో, నేను పక్క వార్డులో. నాలుగో వారం నన్నేమీ అడగకూడదు, నేను మామూలుగా బెడ్ డ్యూటీ చేసుకుంటాను. "మరి మర్చిపోతే?" అంది. "ఫోన్ చెయ్యి. కానీ లెక్క తేలకపోతే ముందు మేడమ్‌కి చెప్పి తర్వాత నాకు చెయ్యి" అన్నాను.

మెయిల్ పంపాను. మేడమ్ ఒప్పుకున్నారు. నెలాఖరు రోజుకి నైట్ డ్యూటీ కూడా వేశారు. దాంతో హెచ్.ఆర్. వాళ్లకి కొత్త చిక్కు వచ్చిపడింది: డ్యూటీ ఎక్కేది ముప్పై ఒకటిన, దిగేది ఒకటో తారీకు పొద్దున. రిలీవింగ్ లెటర్లో ఏ తేదీ వేయాలి? నన్నే అడిగారు. మార్నింగ్ సిస్టర్ వచ్చి ఆంప్యూళ్లు లెక్కపెట్టి సంతకం పెట్టాక నేను రిలీవైనట్టని చెప్పాను. ఆ రోజు మార్నింగ్ ఎవరిదో చార్ట్‌లో చూశాను. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే సిస్టర్‌దే. ఎమ్మెస్సీ మొదటి క్లాసుకి అందుకుంటే అదృష్టమే.