అరవై లక్షల దరఖాస్తు, ముగ్గురు పాఠకులు

పరిశోధనకు డబ్బిస్తాం రండని సర్కారు వారు ప్రకటన వేస్తే, దాన్ని చివరిదాకా చదివేది ఇద్దరే. ఒకరు దాన్ని రాసిన అధికారి. రెండోవారు, తనకు అర్హత లేదని ఆఖరి పేజీలో తెలుసుకునే అభ్యర్థి. తక్కినవాళ్లందరూ మొదటి పేజీలో అంకె చూసి ఆగిపోతారు. ఈసారి ఆ అంకె అరవై లక్షలు, గడువు మూడేళ్లు. పథకం పేరు ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్. ఇచ్చేది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్, అంటే ఏఎన్ఆర్ఎఫ్. నిన్నమొన్నటిదాకా ఉన్న సెర్బ్‌ను 2023 నాటి చట్టంతో ఇందులో కలిపేశారు. ఐదేళ్లలో యాభై వేల కోట్లు ఖర్చు పెడతామన్నారు. అందులో ముప్పై ఆరు వేల కోట్ల దాకా ప్రైవేటు రంగం వైపు నుంచి వస్తాయన్నారు. మన పారిశ్రామికవేత్తల దాతృత్వం మీద ఢిల్లీకి ఉన్న నమ్మకం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మా మేనకోడలు ఇక్కడే, రాయ్‌పూర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ అసిస్టెంట్ ప్రొఫెసర్. నేను రైల్వే అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ని. “మావయ్యా, సైన్స్ సంగతి నేను చూసుకుంటాను, లెక్కలు నువ్వు చూడు” అని కాగితాల కట్ట నా ముందు పడేసింది. లెక్కల కోసం మొదలుపెట్టినవాణ్ని మొత్తం చదివాను. ఏం అర్థమైందో క్లుప్తంగా రాస్తున్నాను.

ముందు అర్హత. పీహెచ్‌డీ ఉండాలి. వైద్యులైతే ఎండీ, ఎంఎస్ లాంటివి చాలు. వయసు నలభై రెండు దాటకూడదు. మహిళలకూ, రిజర్వుడు వర్గాలకూ సడలింపు ఉంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు జల్లెడ తర్వాతి వాక్యంలో ఉంది: గుర్తింపు పొందిన సంస్థలో రెగ్యులర్ పోస్టులో ఉండాలి. మన ఛత్తీస్‌గఢ్ కాలేజీల్లో ఖాళీ పోస్టుల పాఠాలన్నీ అతిథి వ్యాఖ్యాతలే చెబుతుంటారు. పీరియడ్ల లెక్కన జీతం తీసుకుంటారు, ప్రాక్టికల్స్ చేయిస్తారు, పరీక్ష పేపర్లు దిద్దుతారు. కొందరికి పీహెచ్‌డీ ఉంది, ప్రచురించిన పత్రాలూ ఉన్నాయి. ఈ పిలుపు మటుకు వాళ్లకు కాదు. మూడేళ్ల ప్రాజెక్టును వచ్చే ఏడాది ఉంటాడో లేడో తెలియని మనిషి చేతిలో పెట్టడం ప్రమాదమన్నది ఢిల్లీ వాదన. అదీ నిజమే. ఆ మనిషిని ఏళ్ల తరబడి అలాగే ఉంచడంలో ప్రమాదమేమీ లేదన్నది కాలేజీల వాదన.

మా అమ్మాయికి ఆ చిక్కు లేదు, రెగ్యులర్ పోస్టే. అపాయింట్‌మెంట్ ఆర్డరు కాపీ, పుట్టిన తేదీకి పదో తరగతి సర్టిఫికెట్, కాలేజీ గుర్తింపు కాగితాలు దగ్గర పెట్టుకుంది. ఇక ఆమె విషయానికొద్దాం.

రాయ్‌పూర్‌లో మేడ ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. పొద్దున తుడిచిన డాబా సాయంత్రానికి నల్లబడుతుంది. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా మీద సన్నటి నల్లపొడి. ఉర్లా, సిల్తరా వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలే కారణమని ఆటోవాలాతో సహా అందరూ అంటారు. ఫ్యాక్టరీవాళ్లు రోడ్డు దుమ్మంటారు, ఇటుక బట్టీలంటారు, బొగ్గు పొయ్యిలంటారు. నగరంలో పది డాబాల మీద నెలనెలా దుమ్ము పట్టి, అందులో లోహాలు కొలిచి, ఏ దుమ్ము ఎక్కడిదో తేల్చాలని ఆమె ఆలోచన. ఇనుము, మాంగనీసు, జింకు ఏ పాళ్లలో ఉన్నాయన్నది మూలాన్ని పట్టిస్తుందట. కొలిమిలో పుట్టిన కణాలు మైక్రోస్కోపు కింద గుండ్రంగా కనిపిస్తాయట, రోడ్డు మట్టివి ముక్కలు చెక్కలుగా ఉంటాయట.

నా వంతు బడ్జెట్. అరవై లక్షలంటే మా అక్కయ్య కళ్లు పెద్దవయ్యాయి. నేను కాగితం తీసుకున్నాను. ఒక రీసెర్చ్ ఫెలో కావాలి. 2023 నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కు ఎదిగితే 42,000. మొదటి రెండేళ్లు ఆ లెక్కన, మూడో ఏడు ఈ లెక్కన వేస్తే 13 లక్షల 92 వేలు. అద్దె భత్యం విషయంలో రాయ్‌పూర్ వై తరగతి నగరం. ఇరవై శాతం కలిపితే మొత్తం 16 లక్షల 70 వేలు. అంటే పాతిక శాతం పైగా ఒక్క మనిషి మీదే అయిపోయింది, ఆ మనిషికి అది చాలీచాలని జీతమే అయినా. గాలి శాంపిలర్లు రెండు, వాటి సరంజామాతో ఆరు లక్షలు వేసుకున్నాం. దుమ్మును ఆమ్లంలో కరిగించే మైక్రోవేవ్ యంత్రానికి పద్దెనిమిది. ఆమ్లాలు, ఫిల్టర్లు, ప్రామాణిక ద్రావణాలకు ఏడు. ప్రయాణాలకు ఒకటిన్నర, చిల్లరమల్లర ఖర్చులకు ఒకటిన్నర.

లోహాలను కొలిచే అసలు యంత్రం ఐసీపీ-ఎంఎస్. “అది కొనలేమా?” అని అడిగాను. మంచిది కోటి దాటుతుందట. ఇక్కడే కుర్ర శాస్త్రవేత్తలు బోల్తా పడతారట. నాసిరకమైనా సొంత యంత్రం ఉండాలన్న పట్టుదలతో గ్రాంటంతా దాంట్లో పోస్తారు. తర్వాత ఆర్గాన్ గ్యాసుకు డబ్బుండదు, ఏసీ గది ఉండదు, చెడితే బాగుచేసేవాడుండడు. దేశంలో ఏ ల్యాబులో ఏ పరికరం ఉందో చూపించే ఐ-స్టెమ్ అనే ప్రభుత్వ వేదిక ఉంది. అక్కడ వెతికి, శాంపిల్‌కు ఇంతని ఫీజు కట్టి కొలిపించుకోవచ్చు. పది డాబాలు, ఇరవై నాలుగు నెలలు, అంటే 240 శాంపిళ్లు. సరిచూసుకోవడానికి ఖాళీ ఫిల్టర్లూ, జంట శాంపిళ్లూ కలిపి మూడు వందలు. ఒక్కొక్కటి పదిహేను వందల చొప్పున నాలుగున్నర లక్షలు. మొత్తం కూడితే 55 లక్షల 20 వేలు.

“ఇంకా నాలుగు లక్షల ఎనభై వేలు మిగిలాయి మావయ్యా, ఒక ల్యాప్‌టాపూ, ప్రింటరూ రాసేద్దామా?” అంది. శాంపిలర్లదీ, మైక్రోవేవ్ యంత్రానిదీ కొటేషన్లు చూపించమన్నాను. రెండింటి అడుగునా చీమతలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం: జీఎస్టీ అదనం. పరిశోధన సంస్థలకు ఒకప్పుడు ఐదు శాతం రాయితీ రేటు ఉండేది. 2022 జులైలో దాన్ని తీసేశారు. మేం వేసుకున్నది పద్దెనిమిది శాతం. ఇరవై నాలుగు లక్షల మీద 4 లక్షల 32 వేలు. ల్యాప్‌టాప్ అక్కడికక్కడే ఆవిరైంది. ఒక చేత్తో ఇచ్చిన గ్రాంటును సర్కారు రెండో చేత్తో కొంత వెనక్కి తీసుకోవడం చూసి నాలోని అకౌంటెంటు మురిసిపోయాడు. మొత్తం 59 లక్షల 52 వేలు. ఇంత దగ్గరగా ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే చూపడానికి ప్రతి అంకె వెనకా కాగితం ఉంది. సరిగ్గా అరవైకి తెచ్చి, తర్వాత కారణాలు వెతికే బడ్జెట్‌ను మేం రైల్వేలో కూడా పట్టేసేవాళ్లం.

తర్వాత విషయ నిపుణుల పరీక్ష. వాళ్లు చూసేది నాలుగు సంగతులని చెప్పొచ్చు: ప్రశ్న కొత్తదా, పద్ధతి ఆ ప్రశ్నకు జవాబిస్తుందా, ఈ మనిషి ఇక్కడ ఉండి చేయగలదా, అడిగిన డబ్బు పనికి తగ్గట్టుందా. మా అమ్మాయి మొదటి ప్రతిలో “రాయ్‌పూర్ ధూళిపై ఇంతవరకు ఎవరూ పరిశోధన చేయలేదు” అని రాసింది. దరఖాస్తుల్లో అందరూ రాసే వాక్యమే అది. కానీ మన ఊళ్లోనే, రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగం నుంచి ఇక్కడి గాలి, ధూళి మీద ఏళ్లుగా పత్రాలు వస్తున్నాయి. పరీక్షించేవాళ్లలో ఆ పత్రాల రచయితే ఒకరుంటే? తాను పుట్టనే లేదన్న వాక్యాన్ని ఏ ప్రొఫెసరూ ఆప్యాయంగా చదవడు. ఆమె దాన్ని కొట్టేసి, వాళ్లు ఏం కొలిచారో, ఏది తేలకుండా మిగిలిందో రాసింది. లక్ష్యం కూడా మారింది. “కాలుష్య అధ్యయనం” పోయి, శీతాకాలంలో డాబాల మీద పడే ఇనుములో కొలిమిది ఎంత, రోడ్డుది ఎంత అన్న ప్రశ్న వచ్చింది. అలా రాస్తే జవాబు తప్పని తేలే అవకాశం కూడా ఉంటుంది. నిపుణులకు నమ్మకం కలిగేది అక్కడేనట. ఫ్యాక్టరీలు లోపలికి రానివ్వకపోతే మూలం దగ్గరి దుమ్ము ఎలా తెస్తారన్నదానికీ జవాబు రాసింది: ప్రహరీ బయట, గాలి వాలున.

సమర్పణ ఆన్‌లైన్‌లోనే, www.anrfonline.in లో. పేరు నమోదు చేసుకోవాలి, బయోడేటా నింపాలి, ఐదు వందల మాటల్లోపు సారాంశం, లక్ష్యాలు, బడ్జెట్ పెట్టెల్లో పెట్టాలి, వివరాల పత్రం పీడీఎఫ్‌గా ఎక్కించాలి, కాపీ కొట్టలేదన్న హామీపత్రం జతచేయాలి. ఆఖరి రోజు దాకా ఆగితే సర్వర్ కూడా మనతోపాటే ప్రార్థన చేస్తుంది. సెర్బ్ కాలం నుంచి వస్తున్న నమూనాలో సంస్థ సదుపాయాల పట్టిక ఒకటుంది: వర్క్‌షాపు, నీళ్లు, కరెంటు, జనరేటరు, ఏసీ గది, ఈమెయిల్‌తో కలిపి ఫ్యాక్సు, జంతుశాల లేదా గాజు గది. ఉందా లేదా అని రాయాలి. ఫ్యాక్సు ఉందని కాలేజీ ఆఫీసులో గర్వంగా చెప్పారు. దాన్ని వాడటం తెలిసినాయన రిటైరయ్యాడు.

ఇక మిగిలింది ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్. సంస్థ అధిపతి లెటర్‌హెడ్ మీద సంతకం చేసి, వసతులిస్తాం, డబ్బు లెక్కల బాధ్యత మాదేనని ఒప్పుకోవాలి. అది లేకుండా దరఖాస్తు కదలదు. సైన్స్ తెలిసిన నిపుణుల కంటే ముందు సైన్స్‌తో పనిలేని మనిషి దీన్ని చదువుతాడన్నమాట. ప్రిన్సిపాల్ గారు రెండు ప్రశ్నలు అడిగారట. మొదటిది, గ్రాంటు మీద సంస్థకు ఓవర్‌హెడ్ ఎంత వస్తుందని. రెండోది టైటిల్ గురించి. “స్పాంజ్ ఐరన్ అని పేరు పెట్టి రాయాలా అమ్మా? మన కమిటీ సభ్యుల్లో ఒకరి తమ్ముడికి సిల్తరాలో ఫ్యాక్టరీ ఉంది కదా.”

ఆయన సూచించిన టైటిల్ “పట్టణ ఉపరితలాలపై సూక్ష్మకణాల సమగ్ర అధ్యయనం.” ఆ టైటిల్‌తో వెళితే సంతకం దొరుకుతుంది, గ్రాంటు దొరకదు. ఏ కణాలు, ఏ ఊరు, ఏ ప్రశ్న అన్నది లేని దరఖాస్తును నిపుణులు మొదటి విడతలోనే పక్కన పెడతారు. పాత టైటిల్‌తో వెళితే ఢిల్లీ ఇష్టపడొచ్చు, కాగితం మటుకు కాలేజీ గేటు దాటదు. రాత్రంతా మల్లగుల్లాలు పడి చివరికి ఇలా రాసింది: “రాయ్‌పూర్ డాబాలపై ఇనుము అధికంగా గల కణాల మూల నిర్ణయం.” ఇనుము ఎక్కడి నుంచి వస్తుందో టైటిల్ చెప్పదు. తెలుసుకోవడానికే కదా అరవై లక్షలు అడుగుతున్నది! ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివి, ఇనుమంటే ఇళ్ల గేట్లు, కిటికీ ఊచలూ తుప్పుపట్టి రాలేది కూడా ఉంటుంది కదా అని నిర్ధారించుకుని, సంతకం పెట్టారు.