రాహు సారు

బాన్సువాడ బస్టాండు పక్క హోటల్లో పొద్దున తొమ్మిదింటికి చాయ్ తాగుతున్న ఓ పెద్దమనిషి, ముక్కూ మొహం తెలియని మిమ్మల్ని పట్టుకుని "మీది, ఇంట్ల మేడమ్‌ది పుట్టిన తారీఖులు చెప్పున్రి" అన్నాడంటే ఆయనే రాహు సారు. అసలు పేరు పింఛను కాగితాల మీద వేరే ఉంది. దాంతో పిలిచేవాళ్లెవరూ ఇప్పుడు లేరు. చొక్కా జేబులో రెండు ఫోన్లు, నుదుటి మీదికి తోసిన కళ్లద్దాలు, చంకలో ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. ఒకప్పుడు అందులో వడ్డీ లెక్కలుండేవి, ఇప్పుడు ఆత్మల లెక్కలున్నాయి. ఈ రకం మనిషి బోధన్‌లో ఒకడుంటాడు, కామారెడ్డిలో ఇద్దరుంటారు, దుబాయి క్యాంపుల్లోనూ తప్పకుండా ఉంటాడు. మనకు దొరికినవాడు బాన్సువాడవాడు.

సారు పైసా తీసుకోడు. తీసుకుంటే బేరమాడైనా వదిలించుకోవచ్చు. చాయ్ కూడా తనే ఇప్పిస్తాడు, అందుకే చాలామంది చాయ్ అయిపోయేదాకా లేవలేక తమ ఆత్మబంధం సంగతి తెలుసుకుని పోతుంటారు.

"గుణాలు ఒంటికి సారూ, గిది ఆత్మకు" అని మొదలుపెడతాడు. ముప్ఫై ఆరు గుణాల్లో పద్ధెనిమిది వస్తే పెళ్లి చేసుకోవచ్చనే మన పాత లెక్క ఆయన దృష్టిలో పాసు మార్కుల వ్యవహారం. తనది డ్రాకోనిక్. అంటే రాహు చక్రం. 1980లలో పమేలా క్రేన్ అనే బ్రిటిష్ జ్యోతిష్కురాలు పుస్తకం రాసి దీనికి ప్రచారం తెచ్చింది. సారు ఆమెను 'పమేలమ్మ' అంటాడు, వర్ని వైపు క్యాంపులో ఉండే మేనత్త గురించి చెప్పినంత చనువుగా.

ఆ విద్యలో ఉన్నదేమిటో సారు మాటల్లోంచి బయటికి తీస్తే ఇంతే. చంద్రుడు తిరిగే దారి సూర్యుడి దారికి ఐదు డిగ్రీలు వంగి ఉంటుంది. రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే రెండు చోట్లే రాహుకేతువులు. గ్రహణాలు పట్టేది ఆ చోట్ల దగ్గరే. పాశ్చాత్యులు వాటిని డ్రాగన్ తల, డ్రాగన్ తోక అన్నారు, డ్రాకోనిక్ అనే పేరు అందులోంచే వచ్చింది. ఇక చక్రం వేయడానికి చేయాల్సింది ఒక్క తీసివేత. రాహువు ఉన్న చోటే మేషంలో సున్నా డిగ్రీ అనుకుని, ప్రతి గ్రహం డిగ్రీల్లోంచి రాహువు డిగ్రీలు తీసేయాలి. నిజామాబాద్ నుంచి కొలిచే కిలోమీటరు రాళ్లను బాన్సువాడ నుంచి కొలిచేలా మళ్లీ పాతినట్టన్నమాట. రోడ్డు అదే, ఊళ్లూ అవే, అంకెలు మాత్రం మారతాయి. ఒక మనిషి చక్రంలో గ్రహాల మధ్య దూరాలు వెంట్రుకవాసి కూడా మారవు. మార్పంతా ఒకరి చక్రం పక్కన ఇంకొకరిది పెట్టినప్పుడే కనిపిస్తుంది. మామూలు చక్రం ఈ జన్మ స్వభావం, రాహు చక్రం ఆత్మ తెచ్చుకున్న మూట, రెండు మూటలు కలిస్తే జన్మజన్మల బంధం అని పమేలమ్మ తరఫున సారు తీర్మానం.

కొత్తలో ఆయన ఉత్సాహానికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. నసురుల్లాబాద్ నుంచి వచ్చిన ఓ జంటకు "మీ ఇద్దరి రాహువు ఒక్కటే జాగల ఉన్నడు, గిసొంటిది వెయ్యి జంటల్ల ఒకటి" అని ఆశీర్వదించాడు. మర్నాడు ఇంకో జంటకూ అలాగే ఉంది. మూడోనాడు హోటల్ ఓనరుకూ ఆయన భార్యకూ. ఈ చక్రంలో రాహువు పుట్టిన ప్రతివాడికీ మేషం సున్నాలోనే ఉంటాడనీ, మనమే తీసుకెళ్లి అక్కడ కూర్చోబెట్టామనీ ఆయనకు వెలగడానికి వారం పట్టింది. తొణకలేదు. "అందరి ఆత్మ ఒక్కటే అని ఉపనిషత్తులల్ల ఉన్నదే గద" అన్నాడు.

ఆయన కీర్తికి కారణమైన సంబంధం గురించి చెప్పాలి. అబ్బాయిది బీర్కూరు దిక్కు, దుబాయిలో ఉద్యోగం, 1996 ఆగస్టు 15 పొద్దున పుట్టాడు. అమ్మాయిది బాన్సువాడే, 1998 జూలై 9. పంతులు పంచాంగం తిప్పి పెదవి విరిచాడు. అబ్బాయిది మఖ, రాక్షసగణం. అమ్మాయిది పూర్వాషాఢ, మనుష్యగణం. "గణం కుదురుతలేదు" అన్నాడు. ఆడపిల్ల తండ్రి మొహం వేలాడేసుకుని చాయ్‌కొచ్చి రాహు సారుకు దొరికిపోయాడు.

సారు ఫోను తీశాడు. అబ్బాయి పుట్టిననాడు పాశ్చాత్య లెక్కలో సూర్యుడు 143వ డిగ్రీలో, రాహువు 190లో. సూర్యుడు 47 వెనక. అమ్మాయి పుట్టిననాడు సూర్యుడు 107, రాహువు 154. మళ్లీ 47 వెనక! చుట్టూ 360లోంచి 47 పోతే ఇద్దరికీ ఆత్మసూర్యుడు 313లో, కుంభంలో 13వ డిగ్రీలో కూర్చున్నాడు. మిల్లీమీటర్లతో కొలిచినా డిగ్రీ లోపే తేడా. సారు కళ్లద్దాలు నుదుటి మీంచి జారి చాయ్‌లో పడ్డాయి. "కట్నం ముచ్చట తర్వాత మాట్లాడుకుందురు. ముందుగాల్ల ఇద్దరి ఆత్మలను ఇడదియ్యకున్రి" అన్నాడు తండ్రితో.

పక్క టేబుల్ మీద ఇడ్లీ తింటున్న లెక్కల మాస్టారు ఇదంతా విన్నాడు. ఈయన కూడా రిటైరే, సారుకు పుట్టుకతో శత్రువు, రోజూ అదే హోటల్. పేపరు అంచు మీద ఏదో కూడి "రెండు తారీఖుల నడుమ ఎన్ని రోజులు?" అని అడిగాడు. 693.

"సూర్యుడు రాహువు దగ్గర్నుంచి బయల్దేరి మళ్ల రాహువు దగ్గరికి రావడానికి ఏడాది పట్టదు. రాహువు ఎదురొస్తడు గదా, ఏడాదికి పందొమ్మిది డిగ్రీలు వెనకకు నడుస్తడు. అందుకే 346 రోజుల పైచిలుకుకే కలుస్తరు. రెండుసార్లకు ఎంతయితది? 693. గీ పిల్లగాని కన్న సరిగ్గ రెండు చుట్ల తర్వాత గీ పిల్ల పుట్టింది. అంతే."

నిజంగానే అంతే. ఆత్మసూర్యుడు అని సారు మురిసిపోయే ఆ అంకె చెప్పేది, మీరు గ్రహణాల సీజనుకు ఎన్ని రోజుల ముందో వెనకో పుట్టారన్నది. ఏటా గ్రహణాలు కాస్త కాస్త ముందుకు జరుగుతూ రావడం కూడా ఈ 346 రోజుల లెక్కవల్లే. సూర్యుడు రోజుకు డిగ్రీ కదులుతాడు కాబట్టి, ఆ జూలై 9న పుట్టిన పిల్లలందరూ, ముందు రోజు వెనక రోజు వాళ్లతో సహా, ఈ దుబాయి అబ్బాయికి ఆత్మబంధువులే. ఆ రోజు ఈనిన బర్రెదూడలను సారు లెక్కలోకి తీసుకోలేదు గానీ, తీసుకోకూడదని పమేలమ్మ చెప్పిన దాఖలా కూడా లేదు.

సారు తగ్గలేదు. ఇంకో అస్త్రం బయటికి తీశాడు: ఒకరి రాహు చక్రాన్ని ఇంకొకరి మామూలు చక్రంతో పోల్చడం. ఇక్కడ ఆత్మ వచ్చి శరీరాన్ని గుర్తుపడుతుందట. అబ్బాయి ఆత్మసూర్యుడు 313. అమ్మాయి మామూలు చక్రంలో యురేనస్ 312 దగ్గరుంది. "సూడున్రి! మెరుపు!" అన్నాడు.

ఈసారి లేచింది పంతులు. అప్పటిదాకా ఓ మూల పొడి దగ్గుతూ కూర్చున్నాడు. "మన పంచాంగం ప్రకారం చెప్పు సారూ" అన్నాడు. పాశ్చాత్య లెక్కకూ మన నిరయన లెక్కకూ మధ్య 24 డిగ్రీల దాకా తేడా, దాన్నే అయనాంశ అంటారు. రాహు చక్రంలో ఆ గొడవ రాదు, ఎందుకంటే సూర్యుడిలోంచీ రాహువులోంచీ అదే 24 పోతుంది, తీసివేతలో ఆనవాలు కూడా మిగలదు. లండన్‌లో వేసినా బాన్సువాడలో వేసినా అబ్బాయి ఆత్మసూర్యుడు 313లోనే. నాకైతే ఈ విద్య మొత్తంలో నచ్చింది ఇదొక్కటే. కానీ అమ్మాయి మామూలు చక్రానికి ఆ రక్షణ లేదు. మన లెక్కలో ఆమె యురేనస్ 288కి, మకరంలోకి, జారిపోయింది. మెరుపు కాస్తా పాతిక డిగ్రీల దూరాన ఎవరి పొలంలోనో పడింది. ఒకే జంట, ఒకే ఆకాశం. పమేలమ్మ లెక్కలో ఆత్మ గుర్తుపట్టింది, పంతులు లెక్కలో పక్కనుంచే పోయింది.

"అయనాంశను బట్టి ఆత్మ మతిమరుపు మారుతదా?" అన్నాడు లెక్కల మాస్టారు.

సారు వినిపించుకోలేదు. ఎందుకంటే ఆయన దగ్గర ఎప్పుడూ ఇంకో తగులు సిద్ధంగా ఉంటుంది. ఈ సిద్ధంగా ఉండడంలోనే ఆయన విద్య రహస్యం ఉంది. గ్రహాలు పది. ఒకరివి పది, ఇంకొకరివి పది, కలిపితే వంద జతలు. ఆత్మకూ ఆత్మకూ ఓసారి, ఆయన ఆత్మకూ ఈమె శరీరానికీ ఓసారి, ఈమె ఆత్మకూ ఆయన శరీరానికీ ఓసారి: మూడు వందల జతలు. రెండు డిగ్రీలు అటూ ఇటూ పట్టింపు పెట్టుకుంటే, ఒక జత ఊరికే తగలడానికి తొంభైలో ఒక వంతు అవకాశం. మూడు వందలను తొంభైతో భాగిస్తే మూడు పైచిలుకు. అంటే ఏ ఇద్దరిని కూర్చోబెట్టినా సుమారు మూడు జన్మబంధాలు వాటంతటవే రాలతాయి. ఎదురెదురు నిలబడ్డ గ్రహాలను కూడా లెక్కేస్తే రెట్టింపు. అప్పటికీ ఏమీ రాలకపోతే సారు ఫోన్లో రాహువును 'మధ్యమం' నుంచి 'స్పష్టం'లోకి మారుస్తాడు. రాహువు డిగ్రీన్నర దాకా కదులుతాడు, కొన్ని తగుళ్లు పుడతాయి, కొన్ని చస్తాయి. పుట్టినవి ఖాతా పుస్తకంలోకి ఎక్కుతాయి.

లెక్కల మాస్టారు పరీక్ష పెట్టాడు. రెండు తారీఖులిచ్చి, ఎవరివో చెప్పలేదు. సారు అరగంట కూర్చుని నాలుగు బంధాలు తేల్చాడు. శుక్రుడు చంద్రుడిని తాకాడు, శని సూర్యుడిని పట్టుకుని వదలడం లేదు. "పోయిన జన్మల ఆలుమగలు. ఒకరికి ఒకరు మస్తు బాకీ ఉన్నరు" అన్నాడు, గొంతు కాస్త వణికింది కూడా. ఆ తారీఖులు హోటల్ ఓనరువి, ఆర్నెల్లుగా ఉద్దెర కట్టకుండా తిరుగుతున్న ట్రాక్టర్ డ్రైవరువి.

హోటలంతా నవ్వింది. ఓనరు ఒక్కడే నవ్వలేదు. "బాకీ ముచ్చట కరెక్టే చెప్పిండు సారు" అన్నాడు.

ఆ రోజు నుంచి సారు పేరు పెరిగింది తప్ప తరగలేదు. సంబంధం కూడా కుదిరింది. గణం, ఆత్మ రెండూ పక్కకు పోయాయి. అబ్బాయికి దుబాయి కంపెనీ ఇచ్చింది నెల రోజుల సెలవు, అందులో పన్నెండు రోజులు ఈ వాదనల్లోనే గడిచిపోయాయి. ఉన్న ముహూర్తానికి కానిచ్చేశారు. పంతులే చేయించాడు. సారుకు ముందు వరుసలో కుర్చీ వేశారు.

పెళ్లి భోజనాల దగ్గర ఎవరో సారు భార్యను అడిగారు, మీ ఇద్దరి రాహు చక్రం ఎట్లా ఉందమ్మా అని. సారు మొహం చిన్నబోయింది. ఆవిడ పుట్టిన తారీఖు ఎవరికీ తెలియదు. బడిలో చేర్పించిననాడు మాస్టారికి తోచింది రాసుకున్నాడు. పుట్టింటివాళ్లనడిగితే వానలు పడ్డ ఏడాది అన్నారు. సారు తనకు తోచిన తారీఖులన్నీ వేసి చూసి, ప్రతిదానికీ రెండు మూడు బంధాలు తేలితే, ఏది నమ్మాలో తెలియక పుస్తకం మూసేశాడు.

ఆవిడ విస్తట్లో పప్పు కలుపుకుంటూ అంది: "నా రాహువు ఎక్కడున్నడో నాకు తెల్వది గని, గీయన మాత్రం పొద్దుగాల్ల నుంచి హోటల్లనే ఉంటడు. గ్యాస్ అయిపోయి రెండు రోజులాయె. గా ఫోన్ల నుంచి గది బుక్ జెయ్యరాదు?"