ఏడు రోజుల వియత్నాం, ఒక అట్ట భాష

ఎల్బీ నగర్ చౌరస్తాలో మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే చాలు, వియత్నాంను అరచేతిలో పెడతారు. విమానం, హోటలు, పడవ షికారు, రెండు పూటలా ఇండియన్ భోజనం. కొసరుగా ప్లాస్టిక్ పూత పూసిన ఒక అట్ట: ‘వియత్నామీ మాటలు’. ముందు హనోయి బొమ్మ, వెనక సైగాన్ బొమ్మ. మాటలు మాత్రం ఒకటే జట్టు.

ఈ రెండు ఊళ్లకూ మధ్య రైలు దారి 1,726 కిలోమీటర్లు. అంత దూరం నాలుక మడత పడకుండా సాగుతుందని తేల్చేసిన ఆ పండితుడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ మెస్సులో ఒక్క పూట కూర్చున్నా బాగుపడేవాడు. నల్గొండ పిల్లాడి ఆలుగడ్డ, గుంటూరు పిల్లాడి బంగాళాదుంప, కడప పిల్లాడి ఉర్లగడ్డ అక్కడ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. వాటితో ప్రమాదం లేదు, వంటాయనకు మూడూ తెలుసు. ప్రమాదమంతా ‘అవ్వ’ లాంటి మాటతోనే. తెలంగాణ పల్లెలో అవ్వ అంటే కన్నతల్లి, సీమలో తల్లిని కన్నతల్లి. మాట ఒకటే, మనిషి వేరు.

వియత్నామీలో ఇలాంటి అవ్వలు కొందరున్నారు. అట్టలో ‘ఓమ్’ అంటే ‘ఒంట్లో బాగాలేదు’ అని అచ్చువేశారు. హనోయిలో నిజమే. సైగాన్‌లో ఆ మాటకు ‘బక్కపలచన’ అని అర్థం, జబ్బుకు వేరే మాటుంది. ప్యాకేజీలో వచ్చిన బిర్యానీ అరగక, పొట్ట పట్టుకుని ‘నేను ఓమ్’ అన్న మన పెద్దాయన్ని సైగాన్ మందుల షాపామె పైనుంచి కిందికి చూసి, మర్యాదస్థురాలు గనక నవ్వు ఆపుకుంటుంది.

ఇక భోజనాల బల్ల. హనోయిలో పళ్లెం ‘డీయ’, ఫోర్కు ‘జీయ’. ఆ ‘జ’ మన జడలో పలికేదానికి దగ్గర. రాతలో తేడా అంతా మొదటి అక్షరానికి అడ్డంగా గీసిన చిన్న గీత: గీత ఉంటే ‘డ’, లేకపోతే హనోయిలో ‘జ’. అదే గీతలేని అక్షరాన్ని సైగాన్‌వాళ్లు ‘య’ అంటారు. పైగా అక్కడ ఆ ‘యీయ’ అంటే పళ్లెం, ఫోర్కుకు ‘నీయ’ అని వేరే ఉంది. అంటే హనోయి ఫోర్కు సైగాన్ చేరేసరికి పళ్లెం అయి కూర్చుంటుంది. మన అట్ట మహాశయుడు డీయ, జీయ, యీయ మూడింటినీ కలిపి ‘డియా’ అని రాసి ఊరుకున్నాడు. ఆడవాళ్ల పొడుగు అంగీ విషయంలోనూ ఇంతే. హనోయిలో ‘ఆవ్ జాయ్’, సైగాన్‌లో ‘ఆవ్ యాయ్’. అట్టలో ‘ఆవో దాయ్’. రెండు ఊళ్లకూ సమన్యాయం!

స్వరాల సంగతి ఎత్తకపోవడమే మేలు. హనోయిలో ఆరు. దక్షిణాదిలో రెండు కలిసిపోయి ఐదు. తెలుగు లిపిలో రాసిన అట్టలో సున్నా.

అయినా వాళ్లు సర్దుకుపోతారు. జాతీయ టీవీలో ఎక్కువగా హనోయి యాసే వినబడుతుంది కాబట్టి సైగాన్‌వాడికి ఉత్తరాది మాటలు కొత్త కాదు. మనం అనేది వాళ్లకు అందుతుంది. వాళ్లు రాసింది మనకు అందదు, అసలు గండం అక్కడే. పందిమాంసం తిననివాళ్ల కోసం అట్టలో ‘లన్’ అని ఉంది. హనోయిలో దానితో గడిచిపోతుంది. సైగాన్ మెనూలో పంది ‘హెవ్’. మనవాడు ‘లన్’ కోసం మెనూ అంతా వెతికి, ఎక్కడా కనబడలేదని దండం పెట్టుకుని, ‘హెవ్’ తెప్పించుకుని తృప్తిగా తింటాడు.

దీనికి మందు పెద్దదేమీ కాదు. పలకడానికి ఒక్క ఊరి మాట చాలు. చదివి జాగ్రత్త పడాల్సిన చోట, అంటే మాంసం, జబ్బు, మందు దగ్గర, రెండు మాటలూ పక్కపక్కన అచ్చువేయాలి. తెలుగు ఉచ్చారణ కింద అసలు లిపి కూడా ఉండాలి, వేలుపెట్టి చూపించడానికి. అర్థం మారే మాటను ఏ ఊరిదో చెప్పకుండా వాడకూడదు. అట్టలో హనోయి బొమ్మ వేసిన జాగాలో ఇవన్నీ పడతాయి.

యుద్ధం వల్ల వచ్చిన తేడాలండీ, పోనుపోను పోతాయి అన్నాడు కౌంటర్ దగ్గరి కుర్రాడు. 1954లో 17వ అక్షాంశం దగ్గర గీసిన గీత గురించి ఎవరో చెప్పి ఉంటారు. ఆ గీత 1975లో చెరిగింది. పంది పేరు మాత్రం రెండుగానే ఉంది. ఉత్తరాన ట్రిన్ దొరలు, దక్షిణాన న్గుయెన్ దొరలు దేశాన్ని పంచుకుని కొట్టుకున్న 17వ శతాబ్దం నాటికే మాటలు విడివిడిగా బతకడం మొదలుపెట్టాయి.

ఇదంతా విని కుర్రాడు అట్టను ఇటూ అటూ తిప్పి చూశాడు.

“చేతులున్నయి గద సార్, సైగ చెయ్యండి. సైగకు మేం ఎక్స్‌ట్రా తీసుకోం.”